డోరియన్ ధైవతం, మిక్సోలిడియన్ నిషాదం

హార్మోనియం ముందు కూర్చుని రెండో శ్రుతిని, అంటే పాశ్చాత్యులు డి అనే మెట్టును షడ్జంగా పెట్టుకోండి. నల్ల మెట్ల జోలికి పోకుండా తెల్ల మెట్ల మీదుగానే పై షడ్జం దాకా వెళ్ళండి. కర్ణాటక సంగీతం కాస్త నేర్చినవారెవరైనా వెంటనే, ఇవి ఖరహరప్రియ స్వరాలు కదా అంటారు. ఇంగ్లండులోనో ఐర్లండులోనో జానపద గీతాలు పాడేవారు అదే వరుసను డోరియన్ అంటారు. ఇప్పుడు ఐదో శ్రుతిని, అంటే జి మెట్టును షడ్జం చేసుకుని మళ్ళీ తెల్ల మెట్ల మీదే నడవండి. మనకది హరికాంభోజి, వాళ్ళకు మిక్సోలిడియన్.

ఇక్కడ ముందే ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. ఖరహరప్రియ, డోరియన్ ఒకటి కావు. రెండూ వాడే ఏడు స్వరస్థానాలు ఒకటే, అంతవరకే పోలిక. మన విద్వాంసుడు ఖరహరప్రియలో గాంధారాన్నీ నిషాదాన్నీ ఊపుతూ పాడతాడు. ఆ గమకాల్లోనే రాగం ఉంటుంది. ఇంగ్లీషు పల్లె గాయకుడు ఆ స్వరాలను నిలువుగా, ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్కటిగా పలికేస్తాడు. కాబట్టి ఇక్కడ ఖరహరప్రియ అన్నప్పుడల్లా మేళకర్త స్వరాలనే ఉద్దేశిస్తున్నాను, రాగ స్వరూపాన్ని కాదు.

పాశ్చాత్య సంగీతంలో పిల్లలకు మొదట నేర్పేవి మేజర్, మైనర్ అనే రెండు స్కేళ్ళు. మేజర్ అంటే మన శంకరాభరణం స్వరాలు. మైనర్‌లో సహజ మైనర్ అనేది నఠభైరవి. దాని నిషాదాన్ని కాకలికి పెంచితే హార్మోనిక్ మైనర్ అవుతుంది, అది మన కీరవాణి. ఈ రెండు స్కేళ్ళనూ డోరియన్, మిక్సోలిడియన్ల పక్కన పెట్టి చూస్తే తేడా ఆశ్చర్యం కలిగించేంత చిన్నది. సహజ మైనర్‌లోని శుద్ధ ధైవతాన్ని అరస్వరం పైకి జరిపి చతుశ్రుతి చేస్తే చాలు, డోరియన్ వస్తుంది. మేజర్‌లోని కాకలి నిషాదాన్ని అరస్వరం కిందికి దించి కైశికి చేస్తే మిక్సోలిడియన్ వస్తుంది. మిగిలిన ఆరు స్వరాలు కదలవు. డోరియన్ రంగంతా ఆ ధైవతంలో, మిక్సోలిడియన్ రంగంతా ఆ నిషాదంలో ఉంది. చెవిని ఆ ఒక్క స్వరం దగ్గరకు తీసుకెళ్ళగలిగితే, ఇంతకాలం ఏదో పాత వాసనగా, ఏదో కొండ గాలిగా తోచిన పాటల్లో ఏం జరుగుతోందో స్పష్టంగా వినిపిస్తుంది.

పుస్తకాలు సాధారణంగా ఈ విషయం చెప్పడానికి తెల్ల మెట్ల పద్ధతే వాడతాయి. సి నుంచి మొదలెడితే మేజర్, డి నుంచి డోరియన్, జి నుంచి మిక్సోలిడియన్, ఎ నుంచి సహజ మైనర్ అని. లెక్కకు ఇది సరైనదే కానీ, చెవికి దీనివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. డి నుంచి డి దాకా వాయించి ఆపిన విద్యార్థి మనసులో ఇంకా సి మెట్టే షడ్జంగా ఉండిపోతుంది. అతనికి వినిపించేది రిషభం దగ్గర మొదలై రిషభం దగ్గర ఆగిన శంకరాభరణం. మోడ్ అనేది ఎక్కడ మొదలుపెట్టామన్నదాన్ని బట్టి రాదు, ఏ స్వరం ఇల్లుగా నిలిచిందన్నదాన్ని బట్టి వస్తుంది. గ్రహభేదం చేసేటప్పుడు మన గాయకులు సభను ఒప్పించడానికి అంత శ్రమపడేది అందుకే. కొత్త షడ్జం మీద న్యాసాలు నిలిపి, దాని చుట్టూ తిరిగి, శ్రోత మనసులో దాన్ని కుదిరిస్తే గాని కొత్త రాగం పుట్టదు.

అందుచేత తంబూరా పెట్టుకుని వినడమే సరైన దారి. శ్రుతి పెట్టెలో డి నిలబెట్టి, దాని మీద తెల్ల మెట్లు వాయించండి. అప్పుడు బి మెట్టు దగ్గరకు రాగానే చెవి ఉలిక్కిపడుతుంది. సాధారణ గాంధారం విన్నాక మైనర్ దిగులుకు సిద్ధపడ్డ మనసుకు, ధైవతం దగ్గర కిటికీ తెరిచినంత వెలుతురు వస్తుంది. శ్రుతి లేకుండా పాట వినని అలవాటు మనది. ఈ విషయంలో తెలుగు శ్రోతకు పుట్టుకతో వచ్చిన సౌలభ్యం ఉందని నా నమ్మకం. పియానో దగ్గర పెరిగిన విద్యార్థికి ప్రత్యేకంగా నేర్పవలసిన దాన్ని మనం చిన్నప్పటి నుంచీ చెవిలో మోసుకు తిరుగుతున్నాం.

ఈ పేర్లు చర్చి నుంచి వచ్చాయి. మధ్యయుగాల ఐరోపాలో లాటిన్ ప్రార్థనా గీతాలు వేల సంఖ్యలో ఉండేవి. వాటిని గుర్తుపెట్టుకోవడానికీ, వరుస తప్పకుండా ఒకదాని తరవాత ఒకటి పాడుకోవడానికీ మఠాల్లోని గురువులు వాటిని ఎనిమిది వర్గాలుగా పంచారు. గీతం ఏ స్వరం మీద ముగుస్తుంది, దాని సంచారం ఆ స్వరానికి పైనా, లేక రెండు వైపులానా అన్నవి ఆ వర్గీకరణకు ఆధారాలు. ముగింపు స్వరాలు నాలుగే: డి, ఇ, ఎఫ్, జి. వాటికి డోరియన్, ఫ్రిజియన్, లిడియన్, మిక్సోలిడియన్ అని ప్రాచీన గ్రీకుల పేర్లు తెచ్చి తగిలించారు. అసలు గ్రీకులు ఆ పేర్లతో పిలిచిన వరుసలు వేరు, అవి ఎక్కడో తారుమారయ్యాయి. ఈ జాబితాలో మేజర్‌కు గానీ సహజ మైనర్‌కు గానీ విడిగా చోటు లేదన్నది గమనించాలి. స్విట్జర్లండు పండితుడు గ్లారియానుస్ 1547లో వెలువరించిన డోడెకాకార్డన్ అనే గ్రంథంలో ఎ మీద ముగిసేదాన్ని ఎయోలియన్ అనీ, సి మీద ముగిసేదాన్ని అయోనియన్ అనీ చేర్చి లెక్కను పన్నెండుకు పెంచాడు. ఈనాడు ప్రపంచమంతా ఏలుతున్న రెండు స్కేళ్ళు ఆ వ్యవస్థలోకి చివరన వచ్చి చేరినవే.

మరి చివరన వచ్చినవి నిలిచి, ముందునుంచీ ఉన్నవి ఎందుకు వెనక్కిపోయాయి? నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ఆసక్తి కలిగించే భాగం ఇదే. గాయకులు ఇద్దరు ముగ్గురు కలిసి వేర్వేరు వరుసలు ఒకేసారి పాడడం మొదలుపెట్టాక, పాట ముగింపులో షడ్జానికి చేరే చోట ఒక అలవాటు స్థిరపడింది. షడ్జానికి కింద ఉన్న నిషాదాన్ని పైకి నొక్కి, అరస్వరం దూరం నుంచి దాన్ని షడ్జంలోకి జార్చేవారు. రాతలో ఆ గుర్తు ఉండేది కాదు, గాయకుడు సందర్భాన్ని బట్టి తనంత తాను చేసేవాడు. మిక్సోలిడియన్‌లో కైశికి నిషాదాన్ని అలా పెంచితే మిగిలేదేమిటి? శంకరాభరణమే, అంటే మేజర్. డోరియన్‌కు ఇంకో అలవాటు తోడయింది. పాట పంచమం నుంచి ఒక్క మెట్టు పైకి, ధైవతం దాకా వెళ్ళి మళ్ళీ దిగివచ్చేటట్లయితే ఆ ధైవతాన్ని తగ్గించి పాడేవారు. ధైవతం తగ్గి, నిషాదం పెరిగిన డోరియన్ అంటే కీరవాణి, అంటే హార్మోనిక్ మైనర్. ఇలా ఏ రెండు స్వరాలు ఆ మోడ్‌ల ప్రాణమో సరిగ్గా ఆ రెండే తరతరాలుగా అరిగిపోయాయి. సుమారు 1700 నాటికి ఐరోపా నగర సంగీతంలో మేజర్, మైనర్ అనే రెండే మిగిలాయి.

పల్లెల్లో పాటకు ఈ ఒత్తిడి లేదు. పొలంలోనో ఓడ మీదో వంటింట్లోనో ఒక్క గొంతు పాడుకునే పాటకు తోడుగా వేరే వరుస నడవదు కాబట్టి, నిషాదాన్ని పైకి నెట్టవలసిన అవసరమే రాదు. 1903లో సెసిల్ షార్ప్ అనే సంగీత ఉపాధ్యాయుడు సోమర్సెట్‌లోని హామ్‌బ్రిడ్జి గ్రామంలో జాన్ ఇంగ్లండ్ అనే తోటమాలి పాట విని సేకరణకు దిగాడు. నాలుగేళ్ళు తిరిగాక 1907లో రాసిన పుస్తకంలో, తాను విన్న ఇంగ్లీషు పాటల్లో దాదాపు మూడింట రెండు వంతులు మేజర్‌లోనే ఉన్నాయనీ, మిగిలిన వంతు మిక్సోలిడియన్, డోరియన్, ఎయోలియన్ల మధ్య ఇంచుమించు సమంగా పంచుకుందనీ లెక్క చెప్పాడు. అంటే జానపద గీతమన్న ప్రతిదీ మోడ్‌లో ఉంటుందనుకోవడం తప్పు. అయితే ఆ మూడో వంతు కూడా అప్పటి పట్నవాసులకు కొత్తే. అంతకుముందు పాటలను అచ్చువేసినవారు కొందరు ఆ నిషాదం పల్లెటూరి గాయకుడి పొరపాటనుకుని పియానో తోడు రాసేటప్పుడు సరిదిద్దేశారు కూడా. చర్చి మోడ్‌ల పేర్లు ఈ పాటలకు వచ్చింది కూడా ఇలాంటి సేకరణకర్తల కలం నుంచే. పాడిన తోటమాలికి డోరియన్ అన్న మాట తెలియవలసిన పని లేదు. ఆ స్వరాలు మఠం గోడ దాటి పల్లెకు వచ్చాయని ఈ పేరును చూసి అనుకోకూడదు.

ఇప్పుడు ఒక పాటను దగ్గరగా చూద్దాం. తాగిన నావికుణ్ణి ఏం చేద్దాం అని అడిగే ‘డ్రంకెన్ సెయిలర్’ యూట్యూబ్‌లో వందల గొంతుల్లో దొరుకుతుంది. తెరచాప తాళ్ళు లాగుతూ ఓడ మీదివాళ్ళు పాడుకున్న పని పాట. డి షడ్జంగా, తెల్ల మెట్ల మీదే దాన్ని మొత్తం వాయించవచ్చు. మొదటి పాదం పంచమాన్ని పట్టుకుని పదేపదే కొట్టి, చివర పంచమం నుంచి కిందికి దూకి స, గ, ప అని లేస్తుంది. ఆ గాంధారం సాధారణం. ఇక్కడికి మన చెవి మైనర్ అని తేల్చేస్తుంది. రెండో పాదం అదే ఆటను ఒక మెట్టు కింద ఆడుతుంది: మధ్యమాన్ని పదేపదే కొట్టి, మంద్ర స్థాయి కైశికి నిషాదానికి దూకి, ని, రి, మ అని లేస్తుంది. మూడో పాదం మళ్ళీ పంచమం దగ్గరకు వచ్చి ఈసారి కిందికి దూకకుండా ప, ద, ని, స అని పై షడ్జానికి ఎక్కుతుంది. నాలుగో పాదం ని, ప, మ, రి, స, స అని దిగి ఇల్లు చేరుతుంది.

ఈ నాలుగు పాదాల్లో ధైవతం ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. ఒక్కసారే. మూడో పాదం చివర ఎక్కే మెట్లలో, అదీ ఆగకుండా దాటిపోయే స్వరంగా. అయినా పాట రంగును నిర్ణయించేది అదే. నమ్మకం కుదరకపోతే ఆ ఒక్క చోట బి బదులు దాని పక్క నల్ల మెట్టు, బి ఫ్లాట్ నొక్కి చూడండి. తక్కిన స్వరాలన్నీ అలాగే ఉంచండి. పాటలోని ఠీవి పోయి దీనత వస్తుంది. కండబలంతో తాడు లాగే పాట కాస్తా ఏదో విషాద గీతమైపోతుంది. నేను ఎవరికైనా డోరియన్ చూపించవలసి వస్తే ఈ పరీక్షతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఇందులో వాదనకు తావు లేదు. రెండు మెట్లు, రెండు పాటలు.

రెండో పాదం కూడా వదలకూడనిదే. అక్కడ పాట నిలబడింది కైశికి నిషాదం మీద. సి, ఇ, జి అనే మూడు మెట్లు కలిసి సి మేజర్ అనే నిండైన కార్డు అవుతాయి. చర్చి గాయకుడి అలవాటు ప్రకారం ఈ నిషాదాన్ని కాకలికి పెంచామనుకోండి, ఆ పాదం కింద ఉన్న నేలే కదిలిపోతుంది. షడ్జం మీద ఒక పాదం, ఒక మెట్టు కింద నిషాదం మీద ఇంకో పాదం అని ఊగే ఈ కట్టడం స్కాట్లండు, ఐర్లండు పాటల్లో చాలా చోట్ల ఉంది. గిటార్ పట్టుకున్నవారికి ఇది బాగా పనికివచ్చే సంగతి. డి మైనర్, సి మేజర్, ఈ రెండు కార్డులతో పాట మొత్తం నడుస్తుంది. మైనర్ పాట కదా అని అలవాటుగా ఎ మేజర్ కార్డు వేస్తే అందులోని సి షార్ప్, అంటే కాకలి నిషాదం, నావికుడి పాటను క్షణంలో పట్నం సెలూన్‌కు తీసుకుపోతుంది. ధైవతం వచ్చే చోట జి మేజర్ కార్డు వేయవచ్చు. జి, బి, డి అనే ఆ కార్డు నడుమ ఉన్నది మన చతుశ్రుతి ధైవతమే. మైనర్ షడ్జం ఉన్న పాటలో మధ్యమం మీద మేజర్ కార్డు హాయిగా ఒదిగిందంటే అది డోరియన్ అని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చు.

1966లో సైమన్, గార్‌ఫంకెల్ జంట పాడి ప్రపంచానికి తెలియజేసిన ‘స్కార్‌బరో ఫెయిర్’ కూడా డోరియనే. ఇంగ్లీషు జానపద గాయకుడు మార్టిన్ కార్తీ దగ్గర పాల్ సైమన్ దాన్ని లండన్‌లో నేర్చుకున్నాడు. అందులో వంటింటి ఆకుల పేర్లు వరసగా వచ్చే పాదాన్ని ప, ని, స, ని, ప, ద, మ, ప అని పాడతారు. ఇక్కడ కూడా ధైవతం క్షణకాలమే, కానీ నావికుడి పాటలో ఎక్కుడు మెట్టయినది ఇక్కడ పంచమం చుట్టూ తిరిగే మలుపులో వచ్చింది. పంచమం నుంచి ఒక్క మెట్టు పైకి వెళ్ళి వచ్చే ధైవతాన్ని తగ్గించి పాడే చర్చి అలవాటు ఇంతకుముందు చెప్పానే, ఆ అలవాటున్న గాయకుడైతే ఈ స్వరాన్నే తగ్గించి ఉండేవాడు. తగ్గించకపోవడమే ఈ పాట అందం. అదే దిగులు, కానీ కళ్ళలో నీళ్ళు లేవు.

మిక్సోలిడియన్ దగ్గర కథ ఇంకాస్త బలంగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఒక వాద్యమే ఆ మోడ్‌ను తనలో పెట్టుకుని పుట్టింది. స్కాట్లండు కొండప్రాంతపు బ్యాగ్‌పైప్‌కు ఉన్నవి తొమ్మిది స్వరాలే: కింది జి నుంచి పై ఎ వరకు. వాటి నడుమ సి, ఎఫ్ రెండూ షార్ప్‌గా ఉంటాయి, జి మాత్రం షార్ప్ కాదు. వాద్యం వెంట ఎప్పుడూ మోగే గొట్టాలు, అంటే దాని తంబూరా, ఎ మీదనే నిలిచి ఉంటాయి. ఎ షడ్జమైతే జి కైశికి నిషాదం అవుతుంది కదా. ఆ గొట్టాలు మోగుతున్నంతసేపూ కాకలి నిషాదం అన్నది ఆ వాద్యానికి మామూలుగా అందని స్వరమే. (రాతలో ఎ అన్నది వాస్తవంలో బి ఫ్లాట్‌కు దగ్గరగా మోగుతుంది, కాబట్టి హార్మోనియంతో సరిచూసుకోబోయి కంగారు పడవద్దు.) పై షడ్జం నుంచి కైశికి నిషాదానికి దిగి మళ్ళీ షడ్జానికి ఎక్కే ఆ కదలికలో, కాకలి నిషాదపు ఆరాటం లేకుండా నిండుగా ఇల్లు చేరే తీరు వినిపిస్తుంది. హరికాంభోజిలోనూ, దాని పిల్లయిన కాంభోజిలోనూ కైశికి నిషాదం రుచి తెలిసిన చెవికి ఇది వెంటనే అందుతుంది.

అమెరికా అపలాచియన్ కొండల ఫిడేలు పాట ‘ఓల్డ్ జో క్లార్క్’ మరో మంచి ఉదాహరణ. మొదటి భాగం ఎత్తుగడే ప, ద, ని, ద, ప, మ, గ. పైకి వెళ్ళిన పాట నిషాదాన్ని తాకి షడ్జానికి వెళ్ళకుండానే వెనక్కి తిరిగింది. గాంధారం అంతరం కనుక ఇది మేజర్ అనిపించాలి. కానీ శిఖరం మీద ఉన్న ఆ నిషాదం కైశికి. దాన్ని కాకలి చేసి వాయించి చూడండి. కాకలి నిషాదానికి షడ్జం వైపు వాలే గుణం ఉంది. పాట ఆ వైపు పోకుండా కిందికి దిగేసరికి ఏదో సగంలో ఆపినట్లు ఉంటుంది. కైశికి నిషాదమైతే అలా వాలదు, అక్కడి నుంచి దిగడం దానికి సహజం. ఎ మేజర్ కార్డు, దాని కింది జి మేజర్ కార్డు, ఈ పాటకు ఈ రెండూ కావలసినవి. వాయిద్యకారుల్లో కొందరు మధ్యలో ఇ మేజర్ కూడా వేస్తారు, అందులో జి షార్ప్ ఉన్నా. నాకు అది అంతగా రుచించదు గానీ, ఆ కొండల్లో దాన్ని తప్పుగా ఎంచరు.

మీకు తెలియని పాట ఎదురైనప్పుడు మోడ్ తేల్చే పద్ధతి పెద్ద కష్టం కాదు. ముందు షడ్జం ఏదో పట్టుకోవాలి. చాలా పాటలు షడ్జం మీదనే ముగుస్తాయి. అన్నీ కాదు, కొన్ని పాటలు మళ్ళీ మొదటికి తిరగడానికి వీలుగా వేరే స్వరం మీద ఆగుతాయి. అనుమానం వస్తే శ్రుతి పెట్టెలో చివరి స్వరం నిలిపి పాటంతా పాడండి. ఎక్కడో పొసగకపోతే ఇంకో స్వరం నిలిపి చూడండి. షడ్జం దొరికాక గాంధారం వినాలి. సాధారణమైతే ధైవతం కోసం, అంతరమైతే నిషాదం కోసం కాచుకోవాలి.

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. కాచుకున్న స్వరం పాటలో అసలు రాకపోవచ్చు. సెసిల్ షార్ప్ అపలాచియన్ కొండల్లో సేకరించిన పాటల్లో ఐదు స్వరాలవీ ఆరు స్వరాలవీ చాలా ఉన్నాయి. మన మోహన స్వరాలతో నడిచే పాట ఒకటి విన్నామనుకోండి. అందులో నిషాదమే లేదు, కనుక అది మేజరా మిక్సోలిడియనా అన్న ప్రశ్నకు జవాబు లేదు. శుద్ధ ధన్యాసి స్వరాల పాటలో ధైవతం లేదు, అది డోరియనూ కాదు, సహజ మైనరూ కాదు. తోడు వాయించేవారు వేసే కార్డు ఆ లోటు స్వరాన్ని నింపి ఒక రంగు పులుముతుంది. మీరు విన్న డోరియన్ పాటదా, గిటార్‌దా అని ప్రతిసారీ అడగాలి. అది తేలాలంటే తోడు లేని ఒంటి గొంతు రికార్డింగు వినడమే మార్గం.

రెండో చిక్కు స్వరలిపిలో ఉంది. పాట మొదట రెండు షార్ప్ గుర్తులు కనబడగానే డి మేజర్ అనుకునేవారు ఎందరో. అవే రెండు గుర్తులతో బి మైనర్, ఇ డోరియన్, ఎ మిక్సోలిడియన్ కూడా రాస్తారు. దీనికి తలకిందులైన ముచ్చట బాక్ రాసిన ఒక ఆర్గాన్ రచనది. దాని మొదట ఫ్లాట్ గుర్తు వేయని కారణంగా అందరూ దాన్ని ‘డోరియన్ టొకాటా’ అంటారు. విని చూస్తే అది చక్కని డి మైనర్. అవసరమైన ఫ్లాట్లు లోపల ఎక్కడికక్కడ రాసి ఉన్నాయి.

మూడోది చిక్కు అనడం కంటే హద్దు అనడం న్యాయం. పెర్సీ గ్రెయింజర్ అనే ఆస్ట్రేలియా సంగీతజ్ఞుడు 1906లో ఇంగ్లండులోని లింకన్‌షైర్‌కు మైనపు గొట్టాల ఫోనోగ్రాఫ్ మోసుకెళ్ళి పల్లె గాయకుల గొంతులను నమోదు చేశాడు. చెవితో విని రాసుకున్నప్పుడు తెలియని సంగతి, యంత్రం మీద మళ్ళీ మళ్ళీ వింటే బయటపడింది. ఒకే గాయకుడు ఒకే పాటలో గాంధారాన్ని ఒక చరణంలో సాధారణంగా, మరో చరణంలో అంతరంగా, ఇంకోచోట రెంటికీ నడుమ పలుకుతున్నాడు. నిషాదమూ అంతే. 1908లో గ్రెయింజర్ ఈ ఫలితాలు ప్రచురిస్తూ, ఈ గాయకులు డోరియన్, మిక్సోలిడియన్ అని వేర్వేరు గదుల్లో పాడడం లేదనీ, కొన్ని స్వరాలు అటూ ఇటూ కదిలే ఒకే వదులైన స్కేలులో పాడుతున్నారనీ వాదించాడు. స్వరం నిలకడగా ఉండదని, రెండు స్వరస్థానాల మధ్య నడకే ప్రాణమని తెలిసిన మనకు ఇందులో వింత ఏమీ లేదు. కానీ ఐదు గీతల స్వరలిపిలో ప్రతి స్వరాన్నీ ఏదో ఒక గడిలో పెట్టి తీరవలసిన సేకరణకర్తలకు అది పెద్ద ఇబ్బంది. అచ్చయిన పుస్తకంలో డోరియన్ అని ఉన్న పాట పాడినవారి నోట ఎలా ఉండేదో ఆ పేరు పూర్తిగా చెప్పదు.

ఈ రెండు రంగులనూ ఒకే షడ్జం మీద పక్కపక్కనే వినాలనుకుంటే జానపదం నుంచి ఒక్క అడుగు ఇవతలికి రావాలి. బీటిల్స్ 1965 డిసెంబరులో విడుదల చేసిన ‘నార్వీజియన్ వుడ్’, జార్జి హారిసన్ సితార్ వాయించిన పాట, ఇంగ్లీషు జానపద గీతాల బాణీలోనే నడుస్తుంది. షడ్జం ఇ. మొదటి భాగంలో గాంధారం అంతరం, నిషాదం కైశికి, కనుక మిక్సోలిడియన్. నడుమ వచ్చే భాగంలో షడ్జం కదలదు, కానీ గాంధారం సాధారణానికి దిగి కార్డు ఇ మైనర్ అవుతుంది. అప్పుడు ధైవతం కోసం కాచుకోండి. ఇ మైనర్ తరవాత వచ్చే ఎ మేజర్ కార్డు నడుమ సి షార్ప్ ఉంటుంది. ఇ షడ్జానికి అది చతుశ్రుతి ధైవతం.